ఆసుపత్రికి ముందే తేలే బతుకు

భిలాయ్‌ సెక్టార్‌-9లో ఉక్కు కర్మాగారానికి సొంతంగా పెద్దాసుపత్రే ఉంది. అయితే మిల్లులో కరెంటు షాక్‌ కొట్టి కార్మికుడు కుప్పకూలితే, అతడి చావుబతుకులు చాలావరకు అక్కడికి చేరకముందే తేలిపోతాయి.

అలాంటప్పుడు గుండె తరచుగా లయ తప్పి వణుకుతుంటుంది. రక్తం మాత్రం కదలదు. కరెంటు ఆపాక ఛాతీ మధ్యలో నిమిషానికి 100-120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కితే మెదడుకు కొంత రక్తం అందుతుంది. వణుకును ఆపేది డిఫిబ్రిలేటర్‌ షాకే. రెండూ అందకపోతే బతికే అవకాశం నిమిషానికి 7-10 శాతం తగ్గిపోతుంది.

గుర్తించడంలోనే తొలి పొరపాటు జరుగుతుంది. స్పృహ లేని మనిషి ఉండుండి ఎగశ్వాస తీస్తుంటే, ఊపిరి ఆడుతోందని చుట్టూ ఉన్నవాళ్లు ఆగిపోతారు. నిజానికి అది శ్వాస కాదు. వెంటనే 108కి ఫోన్‌ చేయించి, నొక్కడం మొదలెట్టాలి.

డాక్టర్లు కానివారు షాక్‌ ఇవ్వగలరా? లాస్‌ వేగస్‌ కేసినోల్లో శిక్షణ పొందిన సెక్యూరిటీ గార్డులే ఇచ్చారు. గుండె లయను ఆ పరికరమే పసిగడుతుంది. 2000లో వెలువడిన ఆ అధ్యయనంలో, కూలిన 3 నిమిషాల్లోగా షాక్‌ అందినవారిలో 74 శాతం మంది బతికి ఇంటికెళ్లారు. ఆలస్యమైనవారిలో 49 శాతమే.

ఉక్కు నగరంలో ఇంకో చిక్కుంది. 2014 జూన్‌లో భిలాయ్‌ ప్లాంటులో గ్యాస్‌ లీకై ఆరుగురు చనిపోయారు. కార్బన్‌ మోనాక్సైడ్‌ నిండినచోట కాపాడబోయినవాడూ కూలిపోతాడు. శ్వాస పరికరాలున్న సిబ్బంది బాధితుణ్ని బయటికి తెచ్చాకే ఛాతీ మీద చెయ్యి వేయాలి. అక్కడ అసలు లోటు ఆక్సిజన్‌ది. కాబట్టి నొక్కడంతో పాటు కృత్రిమ శ్వాస కూడా అందాలి.