గీతల కింది అంకె సరిపోతే మందు అసలుదేనా?

మూడు దఫాలు కొట్టినా మిరపతోటలో తామరపురుగు చావలేదు. కౌలురైతు డబ్బా పట్టుకుని దుకాణానికి పోతే యజమాని తొణకలేదు. ఫోనుతో డబ్బా మీది నల్లగీతలను చూపించి, "చూడవయ్యా, నంబరు సరైనదే అంటోంది. నకిలీ మందైతే ఇలా వస్తుందా?" అన్నాడు. రైతు నోరు మూసుకుని వచ్చేశాడు. మూసుకోవాల్సిన పనేమీ లేదు.

ఆ గీతల కింద 13 అంకెలుంటాయి. మచ్చుకు 8901234567890 అనుకుందాం. మొదటి 890 అంటే ఆ నంబరును మన దేశంలోని నంబర్ల సంస్థ ద్వారా తీసుకున్నారని అర్థం. సరుకు ఇక్కడే తయారైందని కాదు. తర్వాతి అంకెలు కంపెనీనీ, సరుకు రకాన్నీ చెబుతాయి. చిట్టచివరిది తనిఖీ అంకె.

దాన్ని పెన్సిలుతోనే తేల్చవచ్చు. చివరిదాన్ని పక్కనపెట్టి, ఎడమ నుంచి 1, 3, 5 అలా బేసి స్థానాల్లోని అంకెలు కూడండి: 8+0+2+4+6+8 = 28. సరి స్థానాలవి కూడండి: 9+1+3+5+7+9 = 34. దీన్ని మూడింతలు చేస్తే 102. రెండూ కలిపితే 130. దీన్ని నిండు పదుల్లోకి తేవడానికి ఎంత కలపాలి? ఏమీ అక్కర్లేదు, కనుక చివరి అంకె 0. ఎవరైనా 2ని 7గా కొడితే మొత్తం 135 అవుతుంది, చివర 5 రావాలి. 0 ఉంది గనుక తప్పు దొరికిపోతుంది.

దాని పని అంతే. అంకె తప్పు చదివితే పట్టుకోవడానికి పెట్టారు, దొంగను పట్టుకోవడానికి కాదు. పైగా ఒకే రకం, ఒకే సైజు డబ్బాలు లక్ష ఉన్నా అన్నిటిమీదా నంబరు ఒకటే. నకిలీగాడు అసలు లేబుల్‌ను ఉన్నదున్నట్టు అచ్చు వేయిస్తే లెక్క తప్పకుండా సరిపోతుంది. ఇంకో దారీ ఉంది. మన కూలీలు గట్టు మీద పారేసిన ఖాళీ డబ్బాలు ఏరించి, వాటిలోనే నాసిరకం నింపుతారు. అప్పుడు గీతలు అసలువే, లోపలి మందే దొంగది! అందుకే ఖాళీ డబ్బాను కడిగి, చిల్లు పొడిచి పడేయాలి. అయితే మందు మీద అనుమానముంటే దాన్ని అలాగే, లేబుల్ చెడకుండా దాచాలి.

దుకాణదారు ముందు పెట్టాల్సింది బ్యాచ్ నంబరు. అది గీతల కింద ఉండదు, తయారీ తేదీ, గడువు తేదీల పక్కన విడిగా ఉంటుంది. బిల్లు మీద మందు పేరుతోపాటు ఆ నంబరు రాయించుకోవాలి. తెల్లకాగితం మీద రాసిచ్చే లెక్క పనికిరాదు. మందు సంగతి తేల్చేది ప్రయోగశాల పరీక్ష. విప్పిన డబ్బా తీసుకుపోతే "నువ్వే ఏదో కలిపావు" అంటారు. కనుక అదే బ్యాచ్ డబ్బా సీలుతో దుకాణంలో ఉండగానే వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ఇన్‌స్పెక్టరు ఆ డబ్బా నుంచి నమూనా తీసి పరీక్షకు పంపవచ్చు. ఆలస్యమైతే ఆ సరుకు కాస్తా రాత్రికి రాత్రే మాయమవుతుంది.