24వ వారంలో పెట్టిన మెయిల్

మా చెల్లెలి కూతురు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూస్తుంది. 24వ వారంలో కొద్దిగా రక్తస్రావం కనిపిస్తే స్కానింగ్ చేశారు. మాయ బాగా కిందికి, గర్భసంచి ముఖద్వారానికి దగ్గరగా ఉందని తేలింది. డాక్టరమ్మ చీటీ మీద ‘బెడ్ రెస్ట్’ అని రెండే ముక్కలు రాసింది. పిల్ల ఆ రాత్రే మేనేజర్‌కు మెయిల్ పెట్టింది. తన భయమంతా చెప్పుకుని, చివర్లో ఇంటి నుంచి పనిచేస్తానంది. మర్నాడు జవాబొచ్చింది: ‘ముందు ఆరోగ్యం చూసుకోండి, లీవు పెట్టేయండి.’

ఆ జవాబులో దురుసుతనం లేదు. కానీ వారాల లెక్క వేస్తే కడుపులో దడ పుడుతుంది. మొదటి ఇద్దరు పిల్లల వరకు చట్టం ఇచ్చే ప్రసూతి సెలవు 26 వారాలు. అందులో కాన్పుకు ముందు వాడుకోగలిగింది 8 వారాలే, అంటే సుమారు 32వ వారం నుంచి. ఇప్పుడు 24. మధ్యలో ఇంకో 8 వారాలు ఎలా గడవాలి? గర్భం వల్ల అనారోగ్యం కలిగితే, రుజువు చూపి అదనంగా నెల వరకు జీతంతో సెలవు అడిగే హక్కు ఉంది. అది ఇప్పుడే వాడేస్తే, రేపు బిడ్డ నెలలు నిండకుండా పుడితే చేతిలో ఏమీ మిగలదు. ఇక 2017 సవరణలో వచ్చిన ఇంటి నుంచి పని మాట ప్రసూతి సెలవు ముగిశాక, ఇద్దరూ ఒప్పుకుంటే వర్తించేది. కాన్పుకు ముందు మాత్రం అది కంపెనీని ఒప్పించుకోవాల్సిన విషయమే.

“పెద్దమ్మా, మళ్లీ ఏం రాయను?” అని ఫోన్ చేసింది. హెచ్.ఆర్.లో ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి, మేనేజర్ ఎక్కడ ఆగాడో నాకు తెలిసిపోయింది. బెడ్ రెస్ట్ అని చీటీ చెబుతోంది, పనిచేస్తానని మెయిల్ చెబుతోంది. రెండూ పొసగవు. రేపు ఏదైనా జరిగితే పని చేయించిన మాట తన మీదికొస్తుందని ఎవరైనా వెనకాడతారు.

అందుకే ముందు డాక్టరమ్మ దగ్గరికే మళ్లీ పంపాను. రోజంతా కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కనుక, ఇప్పుడు చాలామంది డాక్టర్లు పూర్తి పడక సలహా ఇవ్వరు. ఆమె ఉద్దేశమూ అది కాదు. ఈసారి వివరంగా రాసిచ్చింది: ప్రయాణం, మెట్లు, బరువులు వద్దు. వీపుకు ఆసరా పెట్టుకుని, గంటకోసారి విరామం తీసుకుంటూ, రోజుకు 5 గంటలు కంప్యూటర్ పని చేయవచ్చు. 4 వారాల తర్వాత మళ్లీ స్కాన్.

రెండో మెయిల్ ఆ కాగితం మీదే నిలబడింది. ‘రోజూ 9 గంటలూ చేస్తానని రాస్తాను, అప్పుడైతే ఒప్పుకుంటారు’ అంది. వద్దన్నాను. చీటీలో 5 ఉంటే మెయిల్‌లోనూ 5 ఉండాలి. తగ్గిన గంటలకు తన ఖాతాలో ఉన్న సెలవుల్లోంచి సగం రోజు చొప్పున కోసుకోమని తనే రాసింది. జీతం మాట అవతలివాళ్లు ఎత్తకముందే తేలిపోయింది.

ఏ పని చేస్తుందో కూడా తేదీలతో చెప్పింది. జీతాల పనికి నెలంతా ముహూర్తాలే: 22కల్లా హాజరు లెక్క సరిచూడటం, 26కల్లా జీతాల పట్టిక ఆమోదానికి పంపడం, 30న పే స్లిప్పులు, 7లోపు టీడీఎస్ కట్టే లెక్క, 15లోపు పీఎఫ్ ఫైలు. బ్యాంకు సంతకాలు, ఒరిజినల్ కాగితాలు మాత్రం పక్క సీటు సహోద్యోగికి అప్పగించాలని, అతన్ని ముందే అడిగి మరీ రాసింది. ఇతరుల జీతాల వివరాలు కదా, ఆఫీసు లాప్‌టాప్ మీద తప్ప ఎక్కడా తెరవనని ఒక వాక్యం చేర్చింది.

మాట్లాడుకునే వేళలూ కుదించాం. ఉదయం 10కి రెండు లైన్ల మెసేజ్, సాయంత్రం 4కి పావుగంట ఫోన్. వీడియో అవసరం లేదు. శుక్రవారం నాడు పెండింగ్ జాబితా షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం చివర్లో పెట్టించాను: ‘డాక్టర్ పని ఆపమంటే ఆ రోజే లీవులోకి వెళ్తాను, ఫోల్డర్ చూసి సహోద్యోగి అక్కడి నుంచి అందుకుంటారు.’ ఈ ఏర్పాటు రాసి లేకపోతే ఆడపిల్లలు నొప్పి ఓర్చుకుంటూ 26వ తేదీ దాటనిద్దాం అనుకుంటారు. అలాంటివాళ్లను చూశాను.

ఆ మెయిల్‌కు 4 వారాలకు ఒప్పుకున్నారు. 28వ వారం స్కాన్‌లో మాయ కొంచెం పైకి జరిగింది. గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందిలో అలా జరుగుతుంది. డాక్టరమ్మ మాత్రం ప్రయాణానికి ఇంకా ఒప్పుకోలేదు. పిల్ల పాత మెయిల్‌కే కొత్త చీటీ జతచేసి, ‘32వ వారం దాకా ఇదే పద్ధతి కొనసాగించగలరు’ అని ఒక్క వాక్యం రాసింది. ఈసారి నన్ను అడగలేదు.