మెగ్గర్ ముల్లు చూపేదేమిటి?

గోదావరి జిల్లాలో ఒక రైస్‌మిల్లు. వానాకాలమంతా చెమ్మ షెడ్డులో ఓ మూలన పడి ఉన్న 15 హెచ్‌పీ, 415 వోల్టుల మోటారును మళ్లీ బిగించాలనుకుందాం. సప్లయి ఆపి, కేబుల్ విప్పి, వైండింగుకూ బాడీకీ మధ్య మెగ్గర్ పెడితే 3 మెగోములు వచ్చింది. "ఒకటి దాటిందిగా, వేసెయ్యండి సార్" అంటాడు ఎలక్ట్రీషియన్.

ఆ మాటకు ఆధారం లేకపోలేదు. వోల్టేజీని కిలోవోల్టుల్లో చెప్పి దానికి ఒకటి కలపడం పాత లెక్క. ఈ మోటారుకు అది 1.4 మెగోములు. కానీ అది సుమారు 1970కి ముందు చుట్టిన వైండింగుల హద్దు. ఇప్పటి ఇలాంటి మోటార్లకు ఐఈఈఈ 43 ప్రమాణం కనీసం 5 మెగోములు ఉండాలంటుంది. అదీ 500 వోల్టుల డీసీతో ఒక నిమిషం పరీక్షించి, వైండింగు 40 డిగ్రీల వేడికి సరిచూసిన విలువ.

వేడి సంగతే చాలామంది వదిలేస్తారు. వైండింగు 10 డిగ్రీలు వేడెక్కితే రీడింగు దాదాపు సగమవుతుంది. మన మోటారును కొలిచింది 30 డిగ్రీల దగ్గర. కాబట్టి 40 డిగ్రీల లెక్కలో ఆ 3 మెగోములు 1.5 మాత్రమే.

ముల్లు కదిలే తీరు కూడా చూడాలి. పొడి వైండింగులో నిమిషం గడిచేకొద్దీ రీడింగు పైకి పాకుతుంది. తేమ ఉంటే లీకేజీయే ఎక్కువ కాబట్టి 30 సెకన్లకూ 60 సెకన్లకూ పెద్ద తేడా ఉండదు. మన మోటారు 2.9 నుంచి 3కు వచ్చి ఆగిపోయింది. చిన్న మోటార్లలో ఈ ఒక్క గుర్తునే నమ్మలేం గానీ, రీడింగూ తక్కువై ముల్లూ కదలకపోతే తేమనే అనుమానించాలి.

ఇక ఆరబెట్టడం. రోటరు తీసి, స్టేటరు లోపల వైండింగుకు తగలకుండా బల్బులు వేలాడదీసి, ఆవిరి పోయేలా సందు వదిలి టార్పాలిన్ కప్పుతారు. వైండింగు 70 డిగ్రీలకు చేరేసరికి రీడింగు 0.3కు పడిపోయిందనుకోండి. ఇక్కడే చాలామంది కంగారుపడి మోటారును రీవైండింగుకు పంపేస్తారు. తొందర అక్కర్లేదు. వేడికి ముందు పడి, నీరు వదిలేకొద్దీ లేచి, చివరికి ఒకచోట నిలబడటం దాని సహజమైన నడక. అదే 70 డిగ్రీల దగ్గర 2 మెగోముల వద్ద నిలబడితే, 40 డిగ్రీల లెక్కలో అది 16. బిగించుకోవచ్చు.

గంటల తరబడి కాచినా ముల్లు లేవకపోతే తేమొక్కటే కారణం కాదు. వైండింగు మీద నూనె కలిసిన దుమ్ము పేరుకుని ఉండొచ్చు, ఇన్సులేషనే కాలి ఉండొచ్చు. అప్పుడు రీవైండింగు షాపు తప్పదు. ఒకే కాయిల్లోని చుట్లు ఒకదానికొకటి అతుక్కుని షార్టయితే మాత్రం బాడీకి పెట్టిన మెగ్గర్ దాన్ని పట్టలేదు, రీడింగు ఎంత బాగున్నా సరే.