తొట్టి అడుగున చిక్కుకున్న లెక్క

మీటరు లోతు తొట్టి ఒకటి ఉందనుకుందాం. బకెట్ ఆకారంలో కింద ఇరుకుగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా ఉంటుంది. అడుగున వ్యాసార్థం అర మీటరు, పై అంచు దగ్గర మీటరు. నిండా నీళ్లున్నాయి. అడుగున చిల్లు తెరిచాం. బయటికి వచ్చే ధార అడ్డుకోత వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లు. తొట్టి ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది?

నీరు బయటికి దూకే వేగం దానిపైన ఉన్న లోతు వర్గమూలాన్ని బట్టి ఉంటుందని ఇటలీకి చెందిన టోరిచెల్లి 1644లో చెప్పాడు. లోతు నాలుగో వంతుకు పడిపోతే వేగం సగమవుతుంది. కాబట్టి నీటిని సన్నని పొరలుగా ఊహించుకుని, ఒక్కో పొర దిగడానికి పట్టే సమయం లెక్కకట్టి, అన్నీ కూడితే సరిపోతుంది. గురుత్వ త్వరణం 9.81గా తీసుకుంటే, అడుగు నుంచి h మీటర్ల ఎత్తున ఉన్న పొరకు పట్టే సెకన్లు ఇవి:

177.3 × (1 + h)² / √h × పొర మందం

కింద ఉన్న √h దగ్గరే చిక్కు వస్తుంది. అడుగుకు చేరేకొద్దీ h సున్నా వైపు పోతుంది, భాగహారం అనంతానికి ఎగబాకుతుంది. గ్రాఫు గీస్తే ఎడమ అంచున గీత నిట్టనిలువుగా కాగితం దాటి పోతుంది. అయినా గీత కింది వైశాల్యం, అంటే మనకు కావలసిన సమయం, పరిమితంగానే ఉంటుంది. ఈ లెక్కను ఇంటర్మీడియట్ సూత్రాలతోనే కచ్చితంగా చేయవచ్చు. జవాబు 661.97 సెకన్లు, అంటే 11 నిమిషాల మీద మరో రెండు సెకన్లు. నిజ జీవితంలో తొట్టి ఆకారాలు ఇంత తీరుగా ఉండవు కనుక, అక్కడ కంప్యూటరు చేత పొరలు కూడించాల్సిందే. జవాబు ముందే తెలిసిన తొట్టి మీద ఆ పని చేయిస్తే, కంప్యూటరు ఎక్కడ తడబడుతుందో స్పష్టంగా చూడవచ్చు.

పొరలు కూడే పద్ధతుల్లో అన్నిటికన్నా సులువైనది మధ్యబిందు పద్ధతి. లోతును సమానమైన పట్టీలుగా కోసి, ప్రతి పట్టీ నడిమధ్యన విలువ చూసి, దాన్ని పట్టీ మందంతో గుణించి కూడతారు. అంచు మీద కాలు పెట్టదు కాబట్టి సున్నాతో భాగించే ప్రమాదం లేదు. మామూలు నున్నని గీతల విషయంలో ఇది చాలా నమ్మకమైన పద్ధతి. పట్టీలు నాలుగు రెట్లు చేస్తే తప్పు పదహారో వంతుకు పడిపోతుంది. మన తొట్టి మీద నడిపితే మాత్రం 4 పట్టీలకు 610.2 సెకన్లు వస్తుంది. 16 పట్టీలకు 635.4, 64కు 648.6, 256కు 655.3. తప్పులు వరసగా 51.8, 26.5, 13.4, 6.7 సెకన్లు. పట్టీలు నాలుగు రెట్లు చేసిన ప్రతిసారీ తప్పు సగమే తగ్గుతోంది. ఒక్క సెకను లోపలికి రావాలంటే దాదాపు 11,500 పట్టీలు కావాలి. సెకనులో పదో వంతు కావాలంటే పదకొండున్నర లక్షలు.

ఈ తప్పంతా ఎక్కడి నుంచి వస్తోందో వెతికితే ఒకేచోట దొరుకుతుంది. 16 పట్టీల లెక్కలో అట్టడుగు పట్టీ మందం 6.25 సెంటీమీటర్లు. ఆ నీళ్లు పోవడానికి నిజంగా పట్టేది 92.4 సెకన్లు. మధ్యబిందువు దగ్గర చూసి చెప్పిన విలువ 66.7 సెకన్లు. అంటే ఆ ఒక్క పట్టీలోనే 25.7 సెకన్లు పోయాయి. మిగతా పదిహేను పట్టీల తప్పు అంతా కలిపినా సెకనులోపే. పోనీ పట్టీని సన్నం చేద్దామంటే, 1/√h ఎంత దగ్గరగా చూసినా అదే ఆకారం. పట్టీ ఎంత సన్నదైనా మధ్యబిందు పద్ధతి అందులో 29 శాతం పోగొట్టుకుంటూనే ఉంటుంది. ఆ పట్టీలో ఉన్న సమయం కూడా మందంతో సమానంగా తగ్గదు, మందం వర్గమూలంతో తగ్గుతుంది. నాలుగో వంతు మందానికి సగం సమయం. తప్పు సగం చొప్పున తగ్గడానికి కారణం ఇదే.

ఇందులో ఇంకో మోసం ఉంది. నిజమైన జవాబు తెలియనప్పుడు, వరసగా వచ్చిన రెండు జవాబుల మధ్య తేడా చిన్నదైతే చాలని లెక్క ఆపేయడం అలవాటు. నున్నని గీతకు అది చెల్లుతుంది, ఎందుకంటే మిగిలిన తప్పు ఆ తేడాలో పదిహేనో వంతే. ఇక్కడ 64 నుంచి 256కు వెళ్తే వచ్చిన తేడా 6.7 సెకన్లు, ఇంకా మిగిలిన తప్పు కూడా 6.7 సెకన్లే. తేడాను చూసి ఆగినవాళ్లు సగం దారిలో ఆగినట్టు. అందుకే తేడా ఎంత అన్నదానికంటే, తేడాలు ఏ నిష్పత్తిలో తగ్గుతున్నాయన్నది చూడాలి. నాలుగు రెట్లకు పదహారు రావలసిన చోట రెండు వస్తుంటే, ఎక్కడో ఒక అంచు లెక్కను పట్టి లాగుతోందని అర్థం.

కొందరు అంచును కోసేస్తారు. సున్నా నుంచి కాకుండా ఒక మిల్లీమీటరు పైనుంచి లెక్క మొదలుపెట్టి, పోయేది ఏపాటిలే అనుకుంటారు. మన సూత్రం ప్రకారం ఆ చివరి మిల్లీమీటరు దిగడానికి 11 సెకన్లు పడుతుంది! (నిజం తొట్టిలో అంత తక్కువ లోతుకు టోరిచెల్లి సూత్రమే చెల్లదు. నీటి లోతు చిల్లు వెడల్పుకన్నా తక్కువైపోతుంది, సుడి తిరుగుతుంది. అది భౌతిక శాస్త్రం చూసుకోవలసిన విషయం. సూత్రాన్ని నమ్మినంతవరకూ గణితం మాత్రం తప్పు చేయకూడదు.)

అసలు మందు పట్టీల సంఖ్యలో లేదు, దేన్ని సమానంగా కోస్తున్నామన్న దానిలో ఉంది. లోతును సమాన ముక్కలు చేయడం మానేసి, లోతు వర్గమూలాన్ని సమాన ముక్కలు చేద్దాం. h = u² అని రాద్దాం. అప్పుడు √h అంటే u. పొర మందం కూడా మారాలి: u కొంచెం మారితే h దానికి 2u రెట్లు మారుతుంది. ఈ 2u పైకి వచ్చి, కింద ఉన్న u తో కొట్టుకుపోతుంది. మిగిలేది ఇదే:

177.3 × 2 × (1 + u²)² × u లో ముక్క

సున్నా దగ్గర దీని విలువ అనంతం కాదు, 2 మాత్రమే, పైన ఉన్న 177.3తో గుణించుకోవాలి. గీత ఎక్కడా విరగదు, ఎక్కడా నిలువుగా లేవదు. మనం చేసిన పనికి భౌతికమైన అర్థం కూడా ఉంది, నాకు ఈ లెక్కలో బాగా నచ్చేది అదే. u అంటే దామాషాలో ధార వేగమే. నిలువు గోడల తొట్టిలో ఈ వేగం కాలంతోపాటు సమానంగా తగ్గుతుంది, కాబట్టి వేగాన్ని సమానంగా కోయడమంటే దాదాపు కాలాన్నే సమానంగా కోయడం. నాలుగు ముక్కలు చేస్తే వాటి హద్దులు లోతులో 6.25, 25, 56.25 సెంటీమీటర్ల దగ్గర పడతాయి. సమయం ఎక్కువ పట్టే అడుగు భాగానికి పట్టీలు వాటంతటవే చిక్కబడ్డాయి.

ఇప్పుడు అదే మధ్యబిందు పద్ధతి నడిపితే 4 ముక్కలకు 654.6 సెకన్లు, 16కు 661.51, 64కు 661.94. తప్పులు 7.35, 0.46, 0.03. ప్రతిసారీ పదహారో వంతు. ఒక్క సెకను లోపలికి రావడానికి 11 ముక్కలు చాలు. ఇందాక పదకొండు వేలకు పైగా కావలసి వచ్చింది. ఇంకా మంచి సూత్రాలు కూడా ఇప్పుడు తమ బలం చూపిస్తాయి. సింప్సన్ సూత్రం ఐదు బిందువులతోనే తప్పును 0.2 సెకను లోపలికి తెస్తుంది.

ఎలాంటి ప్రతిక్షేపణ అయినా పనికొస్తుందా అంటే, రాదు. h = u³ పెట్టి చూడండి. అనంతం పోతుంది, కానీ 3√u మిగులుతుంది. విలువ సున్నాకు వచ్చినా, అక్కడ గీత వాలు ఇంకా నిట్టనిలువే. మొదట్లో తప్పు బాగానే తగ్గినట్టు కనిపించి, పట్టీలు వందలు దాటాక నాలుగు రెట్లకు ఎనిమిదో వంతు మాత్రమే తగ్గుతూ వస్తుంది. అనంతం పోయినంత మాత్రాన వేగం తిరిగిరాదు, వాలూ వంపూ కూడా అదుపులోకి రావాలి. h = u⁴ పెడితే √h అంటే u², పైకి 4u³ వస్తుంది, మిగిలేది 4u. నున్నగానే ఉంటుంది. అలాగే కింద ఘనమూలం ఉన్న లెక్కకు u³ సరిపోతుంది. మూలం ఏదైనా, ప్రతిక్షేపణ తర్వాత u మీద పూర్ణ ఘాతాలే మిగిలేలా చూసుకోవాలి. దానికి అంచు దగ్గర గీత ఏ ఘాతంతో లేస్తోందో ముందు తెలియాలి. సూత్రం చేతిలో ఉంటే చూస్తేనే తెలుస్తుంది. లేకపోతే అంచుకు దూరాన్ని నాలుగో వంతు చేస్తూ విలువ ఎన్ని రెట్లు పెరుగుతోందో చూడాలి. రెండు రెట్లయితే అక్కడున్నది వర్గమూలం.

ఘాతం ఏమిటో అంతుబట్టనప్పుడు, లేదా అంచు దగ్గర లాగరిథం కూడా కలిసి ఉన్నప్పుడు, జపాన్‌కు చెందిన తకహాసి, మోరి 1974లో ఇచ్చిన జంట ఘాతాంక పద్ధతి ఆదుకుంటుంది. అందులో ప్రతిక్షేపణ అంచును అనంత దూరానికి నెట్టేస్తుంది. అక్కడికి చేరేలోపే విలువలు ఎంతో వేగంగా సున్నాకు కరిగిపోతాయి కాబట్టి సమాన దూరపు బిందువులే సరిపోతాయి. దీనికి ఒక జాగ్రత్త కావాలి. విరుపు x = 1 దగ్గర ఉంటే, బిందువులు ఒకటికి అతి దగ్గరగా వెళ్తాయి, 1 − x ను తీసివేతతో కడితే కంప్యూటరులో అంకెలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అంచు నుంచి దూరాన్నే విడిగా లెక్కించి ఉంచుకోవాలి.

వైశాల్యం పరిమితంగా ఉన్నంతవరకే ఈ పద్ధతులన్నీ. తొట్టి అడుగున చిల్లు బదులు ఇసుక వడపోత పెట్టామనుకోండి. నీరు ఇసుకలోంచి మెల్లగా ఊరి, దాని ప్రవాహం లోతు వర్గమూలాన్ని కాక లోతునే అనుసరిస్తుంది. అప్పుడు కింద √h పోయి h వస్తుంది. h = u² పెట్టినా 2u లో ఒక u మాత్రమే కొట్టుకుపోయి, ఇంకో u కిందే మిగులుతుంది. ఏ ఘాతం పెట్టినా అంతే. పట్టీలు పెంచేకొద్దీ జవాబు ఒకచోట నిలవకుండా, నాలుగు రెట్లకు దాదాపు ఒకే మొత్తం చొప్పున పెరుగుతూ పోతుంది. అంటే ఆ తొట్టి, సూత్రం ప్రకారం, ఎన్నటికీ పూర్తిగా ఖాళీ కాదు.