రెజ్యూమేలో మీ పని కనబడాలి

అనంతపురంలో జిరాక్స్ షాపుకెళ్లి రెజ్యూమే కావాలంటే, చాలాసార్లు పాత ఫైలు తెరిచి పేరు, ఫోన్ నంబరు మార్చి ప్రింటు తీసిస్తారు. "హార్డ్ వర్కర్, టీమ్ ప్లేయర్" అన్న మాటలు అలాగే ఉండిపోతాయి. అకౌంట్స్ ఉద్యోగానికి వచ్చిన బీకాం వాళ్లందరి కాగితాల్లోనూ అవే ఉంటే ఎవర్ని పిలవాలి?

ధర్మవరంలో పట్టుచీరల దుకాణంలో ఏడాది లెక్కలు రాసిన కుర్రాడు ఒకడున్నాడనుకుందాం. "జీఎస్టీలో మంచి అనుభవం" అని రాస్తే ఏమీ తెలియదు. అతను నిజంగా చేసింది అమ్మకం బిల్లులు టాలీలో ఎక్కించడం, నెల కాగానే జీఎస్టీఆర్-1 కోసం ఆ వివరాలు ఆడిటరుకు పంపడం. అదే రాయాలి. "రిటర్నులు ఫైల్ చేశాను" అనకూడదు, ఆ పని చేసింది ఆడిటరు. పోర్టల్‌లో ఎలా చేశావో చెప్పమంటే అక్కడే దొరికిపోతాడు.

మరి ఎన్ని బిల్లులు? "వేలల్లో" అని ఉజ్జాయింపుగా వేయొద్దు. టాలీలో స్టాటిస్టిక్స్ అనే రిపోర్టు ఉంది, ఏ రకం వోచర్లు ఎన్నో అది చూపిస్తుంది. దుకాణం యజమానిని అడిగి చూడొచ్చు. అక్కడ 2,400 కనబడినా, కొన్ని ఇంకో గుమాస్తా ఎక్కించి ఉంటే ఆ లెక్కంతా తనదని రాసుకోకూడదు. (ఇక్కడే చాలామంది జారిపోతారు.)

అప్పుడు రెజ్యూమేలో లైను ఇలా వస్తుంది: "పట్టుచీరల దుకాణంలో ఏడాది పని. మరో గుమాస్తాతో కలిసి 2,400 అమ్మకం బిల్లులు టాలీలో ఎక్కించాను. జీఎస్టీఆర్-1 వివరాలు ప్రతి నెలా ఆడిటరుకు పంపాను." ఇంగ్లీషులో రాసినా ఇంతే చిన్న వాక్యాలు చాలు.