‘మేడమ్ రేపు రాను’.. అధ్యాపకులకు సెలవు సందేశం రాసే తీరు

అరకులోయ: డిగ్రీ తరగతికి రాలేకపోతే ఒకప్పుడు సెలవు చీటీ రాసి స్నేహితుని చేతికిచ్చి పంపేవారు. ఇప్పుడు ఆ పనిని వాట్సాప్ చేస్తోంది. చీటీకి ఉన్న మర్యాద మాత్రం సందేశంలోకి రాలేదు. స్నేహితులకు రాసినట్లే అధ్యాపకులకూ రాసేస్తున్నారు. మన్యంలో కొందరు విద్యార్థులకు ఇంటి భాష కువి లేదా ఆదివాసీ ఒడియా. అలాంటి వారికి తెలుగు బడిలో నేర్చుకున్న భాష కావడంతో, ఏ మాట ఎదుటివారికి ఎలా వినిపిస్తుందో తెలియక ఇబ్బంది పడుతున్నారు.

అనంతగిరి మండలంలోని కొండ గ్రామం నుంచి అరకులోయకు వచ్చి బీఎస్సీ చదివే విద్యార్థిని ఒకరు ఆదివారం సాయంత్రం ఇలా రాశారనుకుందాం. ‘‘హాయ్ మేడమ్, రేపు రాను, ఫీవర్. క్లాసులో ఇంపార్టెంట్ ఏమైనా చెప్తే నోట్స్ పెట్టండి. అటెండెన్స్ వేసేయండి ప్లీజ్’’. రాసిన అమ్మాయికి ఇందులో అమర్యాద కనిపించదు. ‘మేడమ్’ ఉంది, ‘అండి’ ఉంది, ‘ప్లీజ్’ కూడా ఉంది. అయినా చదివిన అధ్యాపకురాలి నొసలు ముడిపడుతుంది.

మొదటి చిక్కు ‘రేపు’ అనే మాటలోనే ఉంది. సిగ్నల్ లేని ఊళ్లో టైప్ చేసిన సందేశం ఫోన్‌లోనే ఉండిపోతుంది. పక్కన గడియారం గుర్తు కనిపిస్తుంటే అది ఇంకా బయలుదేరలేదని అర్థం. ఏ మలుపు దగ్గరో సిగ్నల్ అందాక, సోమవారం మధ్యాహ్నం అది మేడమ్‌కు చేరితే ‘రేపు’ మంగళవారమవుతుంది. అందుకే తేదీ, వారం రాయాలి. పేరు లేకపోవడం రెండో లోపం. వంద మందికి పైగా పాఠం చెప్పే వారి ఫోన్లో ప్రతి విద్యార్థి నంబరూ పేరుతో ఉండదు.

‘రాను’ అంటే తెలుగులో నిరాకరణ. రావడం ఇష్టం లేదన్న ధ్వని అందులో ఉంది. ‘రాలేకపోతున్నాను’ అంటే రావాలని ఉన్నా వీలు కాలేదని అర్థం. ‘ఇంపార్టెంట్ ఏమైనా చెప్తే’ అన్నప్పుడు మిగతా పాఠం ముఖ్యం కాదని తేల్చినట్లయింది. ‘నోట్స్ పెట్టండి’ అనేది చివర ‘అండి’ ఉన్నా ఆజ్ఞే. ఇక రాని రోజుకు హాజరు వేయమనడం తప్పు చేయమని అడగడమే. ఎన్ని ‘ప్లీజ్’లు చేర్చినా ఆ వాక్యం మర్యాదగా మారదు, దానిని తీసేయవలసిందే.

అదే సందేశాన్ని ఇలా తిరగరాయవచ్చు.

‘‘నమస్కారం మేడమ్. నేను బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థినిని (ఇక్కడ పేరు, హాజరు సంఖ్య). జ్వరం కారణంగా జులై 14, 15 తేదీల్లో, సోమ, మంగళవారాలు మీ తరగతికి రాలేకపోతున్నాను. సోమవారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకొని, ఆ చీటీని కళాశాలకు వచ్చిన రోజున చూపిస్తాను. తప్పిన పాఠాన్ని స్నేహితురాలి నోట్సు చూసి రాసుకుంటాను. మంగళవారం చేయవలసిన ప్రయోగాన్ని మరో రోజు చేసే వీలుంటే దయచేసి తెలియజేయగలరు. కృతజ్ఞతలు’’.

ఇందులో అడిగింది ఒక్కటే. అది అధ్యాపకురాలు మాత్రమే ఇవ్వగలిగినది. తోటివారి దగ్గర దొరికే నోట్సు కోసం ఆమెను అడగలేదు. ‘తమరి దివ్యసముఖమునకు’ వంటి పాతకాలపు అర్జీ భాష కూడా అక్కర్లేదు, అది వెటకారంలా తోచే ప్రమాదముంది. ‘మీరు’, ‘దయచేసి’ సరిపోతాయి.

కారణం విషయంలో మరో మాట. నవంబరు నుంచి కాఫీ పండ్ల కోత, చైత్రంలో ఇటుకల పండుగ, వానాకాలంలో ఘాట్‌రోడ్డుపై విరిగిపడే కొండచరియలు.. ఇవన్నీ మన్యంలో నిజమైన కారణాలే. అయినా చాలామంది అన్నింటికీ జ్వరమనే రాస్తారు. ఒకే ఊరి నుంచి అయిదుగురికి ఒకే రోజు జ్వరం వస్తే అధ్యాపకులకు అర్థం కాకపోదు. ‘ఇంట్లో కాఫీ కోతకు మనుషులు లేక రాలేకపోయాను’ అని రాయడంలో చిన్నతనమేమీ లేదు. మరుసటిసారి నిజంగా జ్వరమొచ్చినప్పుడు ఆ నిజాయతీయే ఆదుకుంటుంది.

సందేశం పంపినంత మాత్రాన హాజరు పడదు. డిగ్రీ పరీక్షలు రాసేందుకు సాధారణంగా 75 శాతం హాజరుండాలి. 90 రోజులు తరగతులు జరిగితే 22 రోజులకు మించి మానకూడదన్న మాట. హాజరు కొద్దిగా తగ్గినప్పుడు అనారోగ్యం కారణంగా మినహాయింపు కోరాలంటే వైద్య ధ్రువపత్రం కావాలి. ఫోన్లోని సందేశం దానికి బదులు కాదు. కాబట్టి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన చీటీని, తేదీ కనిపించేలా, సెమిస్టర్ ముగిసే వరకు దాచుకోవాలి.