పాలు పలచన, కప్పు చిక్కన

మా మేనత్తకు అరవై రెండేళ్లు. బరువు కాస్త తగ్గాలని డాక్టరు చెప్పగానే ఆమె మొదట మార్చింది పాల ప్యాకెట్. ఏళ్ల తరబడి ఇంట్లో ఫుల్ క్రీమ్ పాలే వాడారు. ఆ రోజు నుంచి వెన్న పూర్తిగా తీసేసిన స్కిమ్డ్ పాలు తెప్పించుకోవడం మొదలుపెట్టింది. రెండు నెలల తర్వాత నేను వెళ్తే, "చూడమ్మా, నోరు కట్టేసుకున్నాను, కాటా మీద ముల్లు కదల్లేదు" అని దిగులుపడింది. మర్నాడు పొద్దున వంటింట్లో ఆమె పక్కనే నిలబడి కాఫీ కలపడం చూశాను. చూశాక, పాలు గ్లాసులో పోసే ముందు కొలవాలనిపించింది. మా అన్నయ్య మనవడి పాలసీసా మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి. దాన్నే కొలతపాత్ర చేసుకున్నాం.

ఏ పాలలో ఎంత శక్తి ఉందో చెప్పేది ప్యాకెట్ వెనక సన్నక్షరాల్లో ఉండే వెన్న శాతం. పేర్లన్నీ దాని మీద ఆధారపడి పెట్టినవే. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం ఫుల్ క్రీమ్ పాలలో వెన్న కనీసం 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం ఉండాలి. స్కిమ్డ్ పాలలో అర శాతానికి మించకూడదు. డబుల్ టోన్డ్ పాలలో ఒకటిన్నర శాతం ఉంటుంది. ప్యాకెట్ రంగును నమ్ముకుంటే పొరపాటు పడతాం. ఒక కంపెనీ నీలం ప్యాకెట్‌లో అమ్మే రకాన్ని ఇంకో కంపెనీ వేరే రంగులో అమ్మవచ్చు. అంకె మాత్రం ఎక్కడైనా అంకే.

ఈ శాతాలను కేలరీల్లోకి మార్చడం కష్టమేమీ కాదు. ఒక గ్రాము వెన్నకు 9 కేలరీలు, ఒక గ్రాము మాంసకృత్తులకు గానీ పాలలోని సహజ చక్కెరకు గానీ 4 కేలరీలు. పాలకేంద్రంలో వెన్న శాతంతో పాటు ఎస్.ఎన్.ఎఫ్. అని ఇంకో అంకె చెబుతారు కదా, అది పాలలో వెన్న, నీళ్లు పోగా మిగిలే పదార్థం. మాంసకృత్తులు, చక్కెర, ఖనిజాలు అందులోనే ఉంటాయి. అది మూడు రకాల్లోనూ దాదాపు సమానం, ఎనిమిదిన్నర, తొమ్మిది శాతం దగ్గర ఉంటుంది. అంటే 100 మిల్లీలీటర్లలో ఈ భాగం ఇచ్చే 31 నుంచి 33 కేలరీలు అన్ని పాలలోనూ ఉన్నట్టే. తేడా అంతా వెన్నది. ఫుల్ క్రీమ్‌లో వెన్న వల్ల 54 కేలరీలు అదనంగా చేరతాయి, టోన్డ్‌లో 27, స్కిమ్డ్‌లో రెండో మూడో. మొత్తం మీద 100 మిల్లీలీటర్లకు ఫుల్ క్రీమ్ పాలు 87, టోన్డ్ 58, స్కిమ్డ్ 35 కేలరీల చుట్టూ ఉంటాయి. లేబుల్ మీద కిలో కేలరీ అని రాసేదాన్నే మనం మాటల్లో కేలరీ అంటాం.

మధుమేహం ఉన్నవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. స్కిమ్డ్ పాలంటే చక్కెర తక్కువ పాలని చాలామంది అనుకుంటారు. తీసేసింది వెన్నే. పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ అనే చక్కెర అందులోనూ 100 మిల్లీలీటర్లకు 5 గ్రాముల దాకా అలాగే ఉంటుంది.

ఇప్పుడు అత్త రోజు చూద్దాం. పొద్దున ఫిల్టర్ కాఫీ ఒకటి. పదిగంటలకు టీ, నాలుగింటికి టీ, సాయంత్రం పక్కింటావిడతో ఇంకో టీ. రాత్రి పడుకోబోయే ముందు ఒక గ్లాసు పాలు. ఆమెను అడిగితే "ఎంత తాగుతానమ్మా, నాలుగు గుక్కలు" అంది. వెనక ఫుల్ క్రీమ్ పాలు వాడిన రోజుల్లో కలిపినట్టే కలపమని పాలసీసాతో కొలిస్తే కాఫీకి 120 మిల్లీలీటర్లు, ఒక్కో టీకి 60, రాత్రికి 150 తేలాయి. మొత్తం 450. అరలీటరు ప్యాకెట్ దాదాపు ఆమె ఒక్కతిదే.

ఆ 450 మిల్లీలీటర్లూ ఫుల్ క్రీమ్ అయితే రోజుకు సుమారు 390 కేలరీలు. అవే టోన్డ్ అయితే 260. స్కిమ్డ్ అయితే 157. కాగితం మీద ఫుల్ క్రీమ్ నుంచి స్కిమ్డ్‌కు దిగితే రోజుకు 230 పైచిలుకు కేలరీలు తగ్గాలి. అంటే దాదాపు ఒక పెద్ద గరిటెడు అన్నం మానేసినంత. అది చిన్న సంగతి కాదు. మరి అత్తకు అంత ఎందుకు దక్కలేదు?

తర్వాత స్కిమ్డ్ పాలతో ఇప్పుడు కలుపుతున్నట్టు కలపమన్నాను. కాఫీ డికాషన్‌లో పాలు పోసింది. 120 గీత దగ్గర కాఫీ ఇంకా నల్లగానే ఉంది. ఇంకాస్త పోసింది, ఇంకాస్త. ఆమె కంటికి అలవాటైన రంగు వచ్చేసరికి పాలు 150 అయ్యాయి. టీ కూడా అంతే. వెనకటిలా సగం నీళ్లు, సగం పాలు పెడితే "కడిగిన నీళ్లలా ఉంది" అని, నీళ్లు తగ్గించి పాలు 90కి పెంచింది. పైగా చిక్కదనం లేని లోటు పూడ్చడానికి ప్రతి కప్పులోనూ అర చెంచా పంచదార ఎక్కువ పడుతోంది. ఆ సంగతి ఆమెకు తెలియనే తెలియదు. చెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్తోంది.

లెక్క మళ్లీ వేశాం. కాఫీకి 150, మూడు టీలకు 270, రాత్రికి 150, మొత్తం 570 మిల్లీలీటర్ల స్కిమ్డ్ పాలు. అవి 200 కేలరీలు. నాలుగు కప్పుల్లో అదనంగా పడ్డ పంచదార రెండు చెంచాలు. చెంచాకు 5 గ్రాములు, 20 కేలరీలు చొప్పున ఇంకో 40. వెరసి 240. టోన్డ్ పాలను పాత కొలతల్లోనే, పాత పంచదారతోనే తాగి ఉంటే 260 అయ్యేది. ఇష్టంలేని పాలు రెండు నెలలు మింగినందుకు టోన్డ్ కంటే ఆమెకు అదనంగా దక్కింది 20 కేలరీలు. ఒక చెంచా పంచదార అన్నమాట.

పాల మార్పు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. 40 మిల్లీలీటర్ల ఫుల్ క్రీమ్ పాలతో వచ్చే చిక్కదనం కోసం 60 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు పోస్తే రెండు కప్పుల్లోనూ కేలరీలు 35 చొప్పున సరిసమానం. ప్యాకెట్ మారింది, కప్పు మారలేదు.

మరిగించడం ఇంకో దారి. ఇరానీ చాయ్‌కి పాలను సన్నని సెగ మీద చాలాసేపు కాచి చిక్కబరుస్తారు. ఇంట్లోనూ పాలగిన్నెను సిమ్‌లో పెట్టి మరిచిపోయేవాళ్లున్నారు. ఆవిరై పోయేది నీళ్లే. లీటరు టోన్డ్ పాలలో ఉన్న 580 కేలరీలు గిన్నెలోనే ఉంటాయి. పాలు ముప్పావు లీటరుకు దిగితే 100 మిల్లీలీటర్లకు 58 కాస్తా 77 అవుతుంది. అది ఫుల్ క్రీమ్‌కు ఎంతో దూరంలో లేదు. ప్యాకెట్ మీది అంకె కాచకముందు పాలది, కప్పులో పడేదానిది కాదు.

మీగడ సంగతి చెప్పకపోతే తెలుగింటి పాల లెక్క పూర్తి కాదు. ఫుల్ క్రీమ్ పాలు కాచి చల్లార్చి, పైన కట్టిన మీగడ తీసి గిన్నెలో దాచే ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. ఆ మీగడతో పాటు వెన్నలో కొంత భాగం పైకి వచ్చేస్తుంది, కాబట్టి కింద మిగిలిన పాలకు 87 అంకె వర్తించదు. ఎంత తగ్గిందన్నది మీగడ మందాన్ని బట్టి మారుతుంది. హోమోజినైజ్డ్ అని రాసి ఉన్న పాలలో వెన్న కణాలను ముందే చిన్నవిగా చేసి పాలంతటా కలిసిపోయేలా చేస్తారు గనుక మీగడ సరిగా కట్టదు, వెన్న కప్పులోకే వస్తుంది. తీసిన మీగడ కూడా ఎక్కడికీ పోదు. వారం తర్వాత చిలికి, కాచి, నెయ్యి చేసి పప్పన్నంలో వేసుకుంటాం. చెంచా నెయ్యికి 45 కేలరీలు. కప్పులో తగ్గింది కంచంలోకి చేరింది. ఇంట్లో బయట కొన్న నెయ్యి బదులు ఇదే వాడితే నష్టమేమీ లేదు. పాలలో తగ్గించాం కదా అని ఇంకో చెంచా నెయ్యి వేసుకుంటే మాత్రం రెండు మూడు కప్పుల టీలో మిగిల్చింది అక్కడే అయిపోతుంది.

ఇవన్నీ చూసి పాల రకం మార్చడం దండగ అనుకోకూడదు. రోజంతా కలిపి రెండు చిన్న ఆఫీసు టీలు తాగేవాళ్లకు అందులో పడేది మహా అయితే 100 మిల్లీలీటర్ల పాలు. వాళ్లు ఫుల్ క్రీమ్ నుంచి టోన్డ్‌కు మారితే మిగిలేది 29 కేలరీలు. అలాంటివాళ్లు పాల గురించి ఆలోచించే బదులు ఆ టీలతో తినే బిస్కెట్ల గురించి ఆలోచించడం మంచిది. అరలీటరు తాగేవాళ్లకు మాత్రం ఆ మార్పు 145 కేలరీలు, దానికి విలువుంది. రెండేళ్ల లోపు పిల్లలకు వెన్న తగ్గించిన పాలు పట్టకూడదన్నది పిల్లల డాక్టర్ల మాట, ఎదిగే వయసులో వాళ్లకు ఆ కొవ్వు కావాలి. పెద్దవాళ్లకు సంబంధించి ఇంకో విషయం, వెన్నతో పాటు ఎ విటమిన్ కూడా వెళ్లిపోతుంది. అందుకే వెన్న తగ్గించిన పాలలో ఎ, డి విటమిన్లు కలిపి అమ్ముతుంటారు. కలిపితే ప్యాకెట్ మీద నీలం రంగు ‘+F’ గుర్తు ఉంటుంది.

టోన్డ్ పాలు పుట్టింది బరువు తగ్గడం కోసం కాదు. 1940 దశకంలో బొంబాయిలో పాల కరువును తట్టుకోవడానికి దారా ఖురోడీ ఈ పద్ధతి తెచ్చారు. వెన్న ఎక్కువున్న గేదెపాలకు పాలపొడి, నీళ్లు కలిపి, తక్కువ ధరకు ఎక్కువమందికి అందించారు. పాలపొడి కలపడంలోనే కిటుకుంది. ఉత్త నీళ్లు కలిపితే వెన్నతో పాటు మాంసకృత్తులూ సగమవుతాయి. టోన్డ్ పాలలో వెన్న మాత్రమే తగ్గి మిగతాది నిలబడుతుంది. ఫుల్ క్రీమ్ పాలలో నీళ్లు పోసుకుని "టోన్డ్ చేసుకున్నాం" అనుకునేవాళ్లకు ఇది తెలియాలి.

చివరికి అత్తతో కూర్చుని ఒక ఏర్పాటు చేశాం. "కాఫీ ఒక్కటి బాగుంటే చాలమ్మా, మిగతావి ఎలా ఉన్నా తాగుతాను" అంది. అందుకని పొద్దున కాఫీకి ఫుల్ క్రీమ్ పాలు 120 మిల్లీలీటర్లు, మిగతా రోజంతా టోన్డ్. ఆ కాఫీ ముచ్చటకు అయ్యే అదనపు ఖర్చు 35 కేలరీలు. రోజు మొత్తం 295. స్కిమ్డ్ వచ్చాక పెరిగిన అర చెంచా పంచదార నాలుగు కప్పుల్లోనూ ఆగిపోయింది. అక్కడితో ఆగకుండా టీల్లో వెనకటి కంటే ఇంకో అర చెంచా చొప్పున తగ్గిస్తానంది. అదీ కలుపుకుంటే పాత 390 మీద రోజుకు సుమారు 125 తక్కువ. మామావయ్యకు ఫుల్ క్రీమ్ కావాలి గనుక ఆ ప్యాకెట్ ఎలాగూ ఇంట్లో ఉంటుంది.

నేను ఊరికి బయల్దేరుతుంటే పిల్లాడి పాలసీసా తిరిగివ్వనంది. స్టవ్ పక్కన టీపొడి డబ్బా వెనక పెట్టుకుంది. 60 గీత దగ్గర ఎర్ర గోళ్లరంగుతో చుక్క పెట్టింది, కళ్లజోడు లేకపోయినా కనిపించేలా.